గురువారం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా

ఈశ్వరరావు గారి ఉత్తరాన్ని ఆరేళ్ళలో పదమూడు సార్లు జిరాక్సు తీశాను. ఒక్కోసారి నలభై కాపీలు, రెండేసి పేజీలు, మూలన పిన్ను. ఈ పరాయి నగరం చివర బుకిట్ బటోక్‌లో మా కాలేజీ ఆఫీసులో నేను హాజరు పట్టికలు చూసే మనిషిని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు డాక్టరు సర్టిఫికెట్ తెచ్చారు, ఎవరిది దొంగ సర్టిఫికెట్ అన్నవి నా లెక్కలు. పరీక్షకు కూర్చోనివ్వని వాళ్ళ జాబితా నా కంప్యూటర్ లోంచే వస్తుంది కాబట్టి పిల్లలకు నా మీద ప్రేమ ఉండే అవకాశం లేదు. నాకూ వాళ్ళ మీద పెద్దగా లేదు లెండి.

పిల్లలని అంటున్నాను గానీ అందరూ ఉద్యోగస్తులే. రెండువేల ఏడులో ఈ ఊళ్ళో ఏ కంపెనీ చూసినా మనవాళ్ళే. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం ఏడింటికి టై వదులు చేసుకుంటూ మా కాలేజీకి వచ్చేవారు. ఇంకో డిప్లొమా ఉంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చని ఆశ. వాళ్ళకు డేటాబేస్ పాఠం చెప్పేది ఈశ్వరరావు గారు. అనకాపల్లి మనిషి. యాభై నాలుగేళ్ళు, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒక చిన్న డైరీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు ఎవరికీ ఇవ్వలేదు. కాలేజీకి నాలుగు బ్లాకుల అవతల ఒక చైనీస్ ముసలావిడ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఈయనకు ఆవిడ భాష రాదు. ఆరేళ్ళూ వేళ్ళతో చూపించుకుంటూ కాపురం వెళ్ళబుచ్చారు.

ఆయన ఉత్తరం గురించి చెప్పాలి. మిగతా లెక్చరర్లు టర్ము మొదట్లో అర పేజీ కాగితం పంచేవారు. ఈయన మాత్రం ‘ప్రియమైన విద్యార్థులకు’ అని మొదలుపెట్టి ఇంటికి రాసినట్టు రాసేవాడు. పదిహేను వారాలు, ప్రతి మంగళవారం మూడు గంటలు. అందులో సగం పాఠం, సగం ల్యాబు. మార్కులు వందకు: వారం వారం ల్యాబు పనికి పది, మధ్యలో జరిగే పరీక్షకు ఇరవై, నలుగురు కలిసి చేసే ప్రాజెక్టుకు ముప్ఫై, ఆఖరి పరీక్షకు నలభై. ‘ఆఖరి పరీక్ష ఒక్కటే గట్టెక్కిస్తుందని అనుకోవద్దు. అరవై మార్కులు దానికంటే ముందే అయిపోతాయి’ అని కింద గీత గీసి మరీ రాసేవాడు. ఆ గీత ఎవరి కోసమో నాకు తెలుసు. మన ఊళ్ళలో ఏడాదంతా తిరిగి, ఆఖరి నెలలో గైడు కొనుక్కుని పాసైపోయిన మహానుభావుల కోసం.

తర్వాత హాజరు. నూటికి ఎనభై ఉండాలి, అంటే పదిహేనింట్లో పన్నెండు. పావుగంట దాటి వస్తే రానట్టే లెక్క. ఒంట్లో బాగా లేకపోతే అసలు డాక్టరు సర్టిఫికెట్ మూడు పనిదినాల్లో ఆఫీసులో ఇస్తే ఆ రోజు గైర్హాజరు కింద రాదు. వేరే కారణమైతే లెక్చరర్ ముందుగా అనుమతించాలి. ఇంతవరకూ కాలేజీ రూలే. ఆ తర్వాతి మాటలు మాత్రం ఆయన సొంతం.

‘ముందుగా అంటే ముందుగానే. ఫోనులో చెప్పడం, ఈమెయిలు కొట్టడం, పక్కవాడితో కబురు పెట్టడం చెల్లవు. మీరే వచ్చి కాగితం నా చేతికి ఇవ్వండి. ప్రతి గురువారం సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా కింద క్యాంటీన్‌లో ఫ్యాను కింది బల్ల దగ్గర ఉంటాను. పాఠంలో సందేహం ఉన్నా రండి. సందేహం ఏమీ లేకపోయినా రండి.’

ఎవడొస్తాడు? మొదటి వారం ఒకరిద్దరు వచ్చి పేరు చెప్పుకుని పోయేవారు. పరీక్ష ముందు వారం నలుగురొచ్చి ఏ చాప్టరు ముఖ్యమని అడిగేవారు. మిగతా గురువారాలు ఆయన, ఆయన కాఫీ. నేను ఫైళ్ళు పట్టుకుని మూడో అంతస్తు వరండాలో నడుస్తుంటే కింద కనపడేవాడు. ఎదుటి కుర్చీ మీద ఒక టిష్యూ పాకెట్ పెట్టి ఉంచేవాడు. ఈ ఊళ్ళో తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో ఎవరైనా కుర్చీ అట్టే పెట్టుకోవాలంటే అలాగే చేస్తారు. దాన్ని ‘చోప్’ చేయడం అంటారు. ఆయన వారం వారం ఒక గంటసేపు ఎవరి కోసమో ఆ కుర్చీని చోప్ చేసేవాడు. ‘ఈయనకు చాదస్తం బాగా ముదిరింది’ అనుకుని నా దారిన నేను పోయేదాన్ని.

ఆ ఏడాది జూలై టర్ములో చేరిన వాడు హరికృష్ణ. వరంగల్ కుర్రాడు, ఇరవై ఏడేళ్ళు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు కాంట్రాక్టు మీద టెస్టింగ్ పని చేసేవాడు. అది ఊరికి ఆ చివర, మా కాలేజీ ఈ చివర. రెండు చోట్ల రైలు మారి రావాలి, గంటన్నర ప్రయాణం. రెండో వారం రాలేదు. ఐదో వారం రాలేదు. ఏడో వారమూ రాలేదు. మూడు దాటితే పరీక్ష లేదు కాబట్టి పద్ధతి ప్రకారం హెచ్చరిక కాగితం పంపాను. అది పట్టుకుని నవ్వుకుంటూ నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, మీరు మనోళ్ళేనట గదా. గీ అటెండెన్స్ తక్కువైతే కండోనేషన్ ఎంత కట్టాలె? ఆఖర్ల ఒక్కసారే కడత.”

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మన యూనివర్సిటీల్లో హాజరు తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టి, ఒక మెడికల్ సర్టిఫికెట్ పారేస్తే మాఫీ చేస్తారు. ఆ ధీమాతో మూడు క్లాసులు ఎగ్గొట్టి కూర్చున్నాడు పుణ్యాత్ముడు.

“ఇక్కడ కండోనేషనూ లేదు, గిండోనేషనూ లేదు బాబూ. నాలుగోసారి రాకపోతే నీ పేరు జాబితాలోకి ఎక్కుతుంది. పరీక్ష ఉండదు. మళ్ళీ జనవరిలో మొదటి నుంచి చదువుకోవాలి. సార్ ఇచ్చిన ఉత్తరం చదవలేదా?”

“ఏ ఉత్తరం?”

“మొదటి రోజు ఇచ్చింది.”

వాడి మొహం చిన్నబోయింది. బ్యాగు జిప్పులన్నీ తీసి వెతికి, అడుగున నాలుగు మడతల్లో నలిగిన ఆ రెండు పేజీలు బయటికి లాగాడు. నా కౌంటర్ ముందే నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదవడం అయ్యాక నవ్వు లేదు. తన కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుందని, వచ్చే జనవరికి ఈ దేశంలో ఉంటాడో లేదో తెలియదని చెప్పాడు. “ఈ పరీక్ష పోతే చదివిందంతా గంగల కలిసినట్టే మేడమ్” అన్నాడు. ఆ తర్వాత మూడు వారాలు క్లాసుకు పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాడు. మనిషి మారడానికి ఒక్కోసారి కాగితం చాలు, చదివితే.

పదో వారం గురువారం సాయంత్రం, ఆరు దాటింది. మళ్ళీ కౌంటర్ దగ్గర ప్రత్యక్షం. చేతిలో కవరు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

“మేడమ్, వచ్చే మంగళవారం మా బ్యాంకుల కొత్త సిస్టం ఎక్కిస్తున్నరు. పోకుంటే నా కాంట్రాక్టే పోతది. మేనేజర్‌తోని లెటర్ రాయించుకొచ్చిన. ఉత్తరంల సార్ చెప్పినట్టే ముందుగనే ఇద్దామని హాఫ్ డే లీవ్ పెట్టి వచ్చిన. ఐదున్నర సంది క్యాంటీన్‌ల కూసున్న. సార్ లేడు. మీరు తీస్కోరా?”

నేను తీసుకుని ఉండొచ్చు. తేదీ ముద్ర వేసి లోపల పెట్టడానికి అర నిమిషం పట్టేది. కానీ ఆ పూట నాకు విసుగ్గా ఉంది. మా అమ్మాయి కీర్తికకు ట్యూషన్ ఉంది, ఇంటికి వెళ్ళాలి. పైగా కండోనేషన్ మాట ఇంకా చెవుల్లో ఉంది.

“ఆయన చేతికే ఇవ్వాలని రాసి ఉంది కదా. సార్ గురువారం తప్పిపోవడం అన్నది లేదు. వెళ్ళి కూర్చో, వస్తారు” అన్నాను.

వాడు కిందికి వెళ్ళాడు. నేను బ్యాగు సర్దుకుని మా ఇంటివైపు వెళ్ళే చోవా చూ కాంగ్ బస్సెక్కాను. వరండాలోంచి కిందికి తొంగి చూడాలని కూడా తోచలేదు.

మంగళవారం హరికృష్ణ రాలేదు. బుధవారం పొద్దున వాడి పేరు జాబితాలోకి ఎక్కింది. ఆ తర్వాతి మంగళవారం క్లాసుకు వచ్చి కవరు సార్ చేతికిచ్చాడట. ముందుగా ఎందుకివ్వలేదని సార్ అడిగితే, “గురువారం వచ్చిన సార్. ఏడింటిదాంక కూసున్న. మీరు రాలే” అన్నాడట. సార్ “అప్పీలు రాయి” అని పాఠం మొదలుపెట్టాడు. ఇదంతా మర్నాడు హరికృష్ణే అప్పీలు కాగితం తెచ్చి నాకు చెప్పాడు. వాణ్ణి వెనక్కి పంపింది నేనే.

ఈశ్వరరావు గారు స్టాఫ్ రూములో ఒక్కడే ఉన్నప్పుడు వెళ్ళాను.

“సార్, ఆ గురువారం నిజంగా రాలేదా మీరు?”

“రాలేదమ్మా.”

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది.”

ఇక నేనే తెలివి చూపించాను. “అప్పీలు విచారణలో అడుగుతారు సార్. డిపార్ట్‌మెంట్ పని మీద లైబ్రరీలో ఉన్నానని చెప్పండి. సరిపోతుంది. నెల తిరిగేసరికి మీ కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. డ్యూటీ టైములో లేరని ఫైల్లో పడితే బాగుండదు.” కాంట్రాక్టు పోతే ఇక్కడ ఉద్యోగం చేయనిచ్చే ఆయన పాసు కూడా పోతుంది. ముప్ఫై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. అనకాపల్లిలో ఆయన కోసం ఎదురుచూసే గడప కూడా లేదని నాకు తెలుసు.

“లైబ్రరీలో ఉంటే మరి కుర్రాడు అక్కడికి ఎందుకు రాలేదని అడుగుతారు” అన్నాడాయన. “తప్పు వాడి మీదికే పోతుంది కదమ్మా.” మళ్ళీ పేపర్లు దిద్దుకోవడంలో పడ్డాడు.

విచారణ శుక్రవారం, డిపార్ట్‌మెంట్ హెడ్ మిసెస్ గోహ్ గదిలో. బల్లకు ఇటు హరికృష్ణ, అటు సార్, మూలన నోట్సు రాసుకుంటూ నేను. మిసెస్ గోహ్ చెడ్డ మనిషి కాదు, కానీ కాగితం లేనిదే ఊపిరి కూడా నమ్మదు. మేనేజర్ లెటర్ చూసింది, తేదీ చూసింది. అది గురువారం రాసిన లెటరే. “కానీ నువ్వు గురువారం ఇక్కడికి వచ్చావనడానికి రుజువేది? క్లాసు ఎగ్గొట్టిన తర్వాతే మొదటిసారి తెచ్చి ఉండొచ్చు కదా?” అంది.

వాడు నా వంక చూశాడు. “వచ్చాడు మేడమ్. నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. నేనే తీసుకోకుండా కిందికి పంపాను” అన్నాను. మిసెస్ గోహ్ అద్దాల మీంచి చూసింది. “మరి కింద లెక్చరర్ లేరా? నీ కౌంటర్ నుంచి క్యాంటీన్‌కు అసలు వెళ్ళాడో లేదో నీకు తెలుసా?” నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

అప్పుడు ఈశ్వరరావు గారు జేబులోంచి చిన్న డైరీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన తెరిచిన పేజీ చూసి ముందు నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. అది హాజరు పట్టిక. నేను వేసినట్టే గీతలు, గడులు. పైన తేదీలు, అన్నీ గురువారాలే. ఎడమ పక్కన ఒకే పేరు, ఆయనది. ఎదురుగా వరసగా హాజరు గుర్తులు, పేజీ తర్వాత పేజీ, ఆరేళ్ళవి. ఆ వరసలన్నిటిలో ఒకే ఒక్క గైర్హాజరు. ఆ గడి పైన తేదీ హరికృష్ణ వచ్చిన గురువారానిదే.

“ఇది నా హాజరు” అన్నాడు ఇంగ్లీషులో. “ఆ రోజు నేను లేను. అతను నా ఉత్తరంలో ఉన్నట్టే చేశాడు. నేనే చేయలేదు.”

“మెడికల్ సర్టిఫికెట్ ఉందా?”

“లేదు.”

“కారణం?”

ఆయన డైరీ మూశాడు. “చెప్పుకోదగ్గ కారణం లేదు” అన్నాడు.

హరికృష్ణ గైర్హాజరును అనుమతించినట్టు రాసుకోమంది మిసెస్ గోహ్. వాడు లేచి సార్ కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన కుర్చీ వెనక్కి జరిపేశాడు. వాడు వెళ్ళాక ఆవిడ ఇంకో రెండు విషయాలు చెప్పింది. సార్ ఫైల్లో ఒక నోటు పెడతారు. వచ్చే టర్ము నుంచి లెక్చరర్లందరి ఉత్తరమూ ఒకే నమూనాలో, ఒక్క పేజీలో ఉంటుంది. అనుమతులు ఆఫీసు కౌంటర్లో తీసుకుంటారు. లెక్చరర్‌ను కలవాలంటే ఈమెయిలు రాసి టైము తీసుకోవాలి. “క్యాంటీన్‌లో గంట కూర్చోవడం ఇక అక్కర్లేదు. మీకూ హాయి” అంది నవ్వుతూ. మంచి మాట చెప్పాననే అనుకుంది పాపం. సార్ తల ఊపాడు.

మెట్లు దిగుతుంటే ఆయన పక్కనే నడిచాను. ఉండబట్టలేక అడిగేశాను. “ఆరేళ్ళు తప్పని మనిషి, ఆ ఒక్క రోజు ఎందుకు రాలేదు సార్?”

ఆయన మెట్టు మీద ఆగాడు. “అంతకు ముందు వారం బల్లలు తుడిచే ఆంటీ వచ్చింది. ఎదుటి కుర్చీలో టిష్యూ పాకెట్ చూపించి, ‘అంకుల్, మీ ఫ్రెండు ఎప్పుడూ రాడేం?’ అంది. ఊరికే అడిగింది, ఎగతాళికేం కాదు. నాకే సిగ్గేసింది. తర్వాతి గురువారం సరాసరి గదికి పోయి తలుపేసుకున్నాను. ఆ గంట గడవలేదమ్మా. ఇంటావిడ టీవీ చూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చుందామనుకున్నాను. వేళ్ళతో ఏమని చూపించాలో తెలియలేదు.” మళ్ళీ దిగడం మొదలుపెట్టి, “మరుసటి వారం మళ్ళీ ఆ బల్ల దగ్గరికే వెళ్ళాను లే” అన్నాడు.

అన్ని గురువారాల్లో, ఆయన రాని ఆ ఒక్కనాడే ఒకడు వచ్చి ఏడింటిదాకా కూర్చున్నాడు. ఆ రాత్రి వంట చేస్తూ ఏడ్చాను. “వాట్ హాపెన్డ్ లా, అమ్మా?” అంది కీర్తిక, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. ఉల్లిపాయలన్నాను. చిక్కుడుకాయ కూరలో ఉల్లిపాయలెక్కడివని అది అడగలేదు, అదృష్టం.

హరికృష్ణ పరీక్ష రాసి పాసయ్యాడు. అరవై ఒకటి వచ్చింది. సార్‌కు రెండు లైన్ల ఈమెయిలు పంపాడట, థాంక్స్ అని. మనిషి మాత్రం రాలేదు. డిసెంబరులో ఇంకో దేశానికి వెళ్ళిపోయాడు. వాణ్ణి తప్పు పట్టను. ఆ ఈమెయిలు కూడా రాయని వాళ్ళే ఎక్కువ. సార్ కాంట్రాక్టు ఏడాదికి రెన్యూ అయింది.

జనవరి టర్ముకు కొత్త ఉత్తరం జిరాక్సుకు వచ్చింది. ఒక్క పేజీ, పిన్ను అక్కర్లేదు. వారాలు, మార్కులు, ఎనభై శాతం, సర్టిఫికెట్, ఆఫీసు టైములు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక తప్పు లేదు. మెషీన్ నలభై కాపీలు తీస్తుంటే, పాత ఫైల్లోంచి ఆయన ఉత్తరం తీసి అప్పుడు చదివాను, మొదటి నుంచి చివరి దాకా, ఆ కుర్రాడు నా ముందు నిలబడి చదివినట్టు. ‘సందేహం ఏమీ లేకపోయినా రండి’ దగ్గర ఆగిపోయాను. పదమూడు టర్ములు, ఐదు వందలకు పైగా కాపీలు, అన్నీ నా చేతి మీదుగానే పోయాయి. ఆయన బల్లకూ నా కౌంటర్‌కూ మధ్య మూడు అంతస్తులు. ఆ పిలుపు నాకు కాదని నాకెవరు చెప్పారు?

మొదటి గురువారం ఐదున్నరకు కౌంటర్ మీద ‘ఒక గంటలో వస్తాను’ అని బోర్డు పెట్టి దిగాను. ఉంటాడన్న నమ్మకం లేదు. ఉన్నాడు. అదే ఫ్యాను కింద, అదే బల్ల, ముందు కాఫీ. ఎదుటి కుర్చీ మీద మాత్రం టిష్యూ పాకెట్ లేదు. ఇక ఎవరికీ అట్టే పెట్టే పని లేదనుకున్నాడేమో.

వెళ్ళి ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆయన కంగారుగా లేవబోయాడు. “ఏమ్మా, జాబితాలో ఏమైనా తేడా వచ్చిందా?”

“ఏమీ లేదు సార్.”

“మిసెస్ గోహ్ పిలుస్తున్నారా?”

“లేదు సార్. ఊరికే వచ్చాను.”

ఆయన నన్ను చూశాడు, నా చేతుల్లో కాగితాలేమైనా ఉన్నాయేమోనని చూశాడు. ఏమీ లేవు. మెల్లిగా కూర్చున్నాడు. కప్పు కొంచెం పక్కకు జరిపాడు. ఏదో అడగాలని, అడగొచ్చో లేదో తేల్చుకోలేనట్టు గడియారం వంక చూసుకున్నాడు.

“ఆరున్నర దాకా ఉంటావా అమ్మా?” అన్నాడు.